చివరి స్వరం సరే, ఎడమ చెయ్యి ఎక్కడుంది?

ప్రశ్న: ఆరు నెలలుగా కీబోర్డ్ నేర్చుకుంటున్నాను. హ్యాపీ బర్త్‌డే పాటను సి స్కేల్‌లో వాయిస్తున్నా. కుడిచేత్తో మెలడీ తప్పుల్లేకుండా వస్తోంది, చివర సి (స) మీదే ఆగుతున్నా. అయినా ఏదో మిగిలిపోయినట్టు ఉంటోంది. రిథమ్ ఆన్ చేస్తే బాగానే ఉంటుంది, ఆఫ్ చేస్తేనే ఈ తేడా. ఎడమచేత్తో సి కార్డ్ జి-సి-ఇ, జి సెవెన్త్ జి-బి-ఎఫ్, ఎఫ్ కార్డ్ ఎ-సి-ఎఫ్, ఇలా దగ్గర దగ్గరగా పట్టుకుంటాను. మా సార్ "కేడెన్స్ కుదరట్లేదు" అంటున్నారు. కేడెన్స్ అంటే ఏంటి? ఇంకో డౌట్: రెండో లైన్ కూడా స మీదే ఆగుతుంది కదా, అక్కడ పాట అయిపోయినట్టు ఎందుకు అనిపించదు?

జవాబు:

ఏ వేళ్లు ఎక్కడ పెడుతున్నారో రాశారు కాబట్టి నా పని సగం అయిపోయింది. ఇరవై ఏళ్లకు పైగా చర్చిలో కీబోర్డ్ వాయిస్తున్నాను, పిల్లలకు నేర్పుతున్నాను. మీ సమస్యతో వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. తప్పు కుడిచేతిది కాదు.

ముందు ఒక పని చేయండి. రిథమ్ ఆపేసి, పాటంతా మీరు వాయించినట్టే వాయించండి. చివరి "యూ" దగ్గర మాత్రం జి-సి-ఇ పట్టుకోకుండా, ఎడమ చిటికెన వేలితో బాగా కింద ఉన్న ఒక్క సి నొక్కండి. ఇంకేమీ వద్దు. పాట అక్కడ కూర్చుంటుంది. ఇప్పుడు అదే చోట కింది జి ఒక్కటి నొక్కి చూడండి. కుడిచేతిలో అదే స ఉన్నా, పాట నిలబడే ఉంటుంది, కూర్చోదు.

రిథమ్ ఆన్ చేసినప్పుడు బాగుండడానికి కారణం కూడా ఇదే. మామూలు ఫింగర్డ్ మోడ్‌లో మీరు జి-సి-ఇ పట్టినా కీబోర్డ్ దాన్ని సి కార్డ్‌గానే గుర్తించి, బేస్ గిటార్ శబ్దంతో కింద సి తనే వేస్తుంది. మీరు వదిలేసిన స్వరాన్ని మిషన్ నింపుతోంది. రిథమ్ ఆఫ్ చేయగానే ఆ బేస్ పోతుంది, మీ చేతిలో అన్నిటికంటే కింద ఉన్న జి బయటపడుతుంది. పైగా మీ జి సెవెన్త్‌లో కూడా కింద జి ఉంది. అంటే చివరి రెండు కార్డుల్లో బేస్ కదలనే లేదు. పైన రెండు స్వరాలు మారాయి గానీ కింద నేల అలాగే ఉంది.

జి-సి-ఇ, సి-ఇ-జి రెండూ ఒకే మూడు స్వరాలు కదా, ఏంటి తేడా అనుకోవచ్చు. చెవి కార్డ్‌ను కింది నుంచి కొలుస్తుంది. కింద జి ఉంటే దాన్నే పునాది అనుకుంటుంది. అప్పుడు పైనున్న సి, ఇ రెండూ బి, డి ల మీదికి దిగడానికి సిద్ధంగా ఉన్నట్టు వినిపిస్తాయి. వాయించి చూడండి: జి-సి-ఇ పట్టుకుని, జి అలాగే ఉంచి, పై రెండు వేళ్లను జి-బి-డి కి దించండి. ఎంత సహజంగా దిగుతుందో మీకే తెలుస్తుంది. వెస్టర్న్ సంగీతంలో ఈ జి-సి-ఇ కి ప్రత్యేకంగా ఒక ఉద్యోగం ఉంది. "ఇదిగో, ముగింపు వస్తోంది" అని ముందే చాటింపు వేయడం దాని పని. మొజార్ట్ పియానో కన్సర్టోల్లో ఆర్కెస్ట్రా అంతా సరిగ్గా ఇలాంటి కార్డ్ మీద ఆగి చేతులు ముడుచుకుంటుంది. పియానో వాయించే ఆయన అక్కడి నుంచి ఒంటరిగా తన ప్రతాపమంతా చూపించి, చివర రి ని, దాని పై స్వరాన్ని వేగంగా మార్చి మార్చి వాయిస్తూ ఒక పొడవాటి ట్రిల్ వేస్తాడు. అప్పుడు ఆర్కెస్ట్రా వచ్చి స మీద వాలుతుంది. ఆ ఒంటరి భాగాన్ని కడెంజా అంటారు. ఇటాలియన్‌లో ఆ మాటకు అర్థం కేడెన్స్ అనే. కార్డ్‌కీ, వాలడానికీ మధ్య అన్ని నిమిషాలు గడిచినా వినేవాళ్లు దాన్ని మర్చిపోరు. మీరు చేస్తున్నదల్లా, చాటింపు వేసే కార్డ్ మీదే పాట ఆపేయడం. మిగిలిపోయినట్టు అనిపించక ఇంకేం అనిపిస్తుంది?

ఇక కేడెన్స్ అంటే ఏంటో చూద్దాం. లాటిన్‌లో పడటం, దిగటం అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది. పాటలో ఒక లైన్ ఊపిరి తీసుకునే చోట చివరి రెండు మూడు కార్డులు కలిసి చేసే పని అది. పాత తెలుగు పద్యాల్లో విరామ చిహ్నాలు లేకపోయినా చదివేవాడికి ఎక్కడ ఆగాలో తెలిసినట్టు, ఇక్కడ కార్డుల నడకే ఆ సంగతి చెబుతుంది. కాబట్టి ముగింపు అనేది ఒక్క స్వరంలోనో, ఒక్క కార్డ్‌లోనో ఉండదు. సి కార్డ్ పాట మొదట్లోనూ ఉంది, అక్కడ అది ముగింపు కాదు. దాని ముందు ఏం వచ్చింది అన్నదే అసలు విషయం.

ఆ ముందు వచ్చేది ఎక్కువగా జి సెవెన్త్. దీన్ని కొంచెం విప్పి చూడాలి. జి, బి, డి, ఎఫ్. మన లెక్కలో ప, ని, రి, మ. సి మేజర్ స్కేల్ మీకు తెలిసిన శంకరాభరణం స్వరాలే, కాబట్టి ఈ ని కాకలి నిషాదం. అది స కి అర మెట్టు కింద ఉంటుంది. పాడేవాళ్లకు తెలుసు, ఆ ని మీద ఎక్కువసేపు నిలబడితే గొంతు దానంతటదే స లోకి జారిపోతుంది. మ కూడా గ కి అర మెట్టు పైన ఉంటుంది, అది కిందికి జారుతుంది. అంటే ఒకే కార్డ్‌లో ఒక స్వరం పైకి, ఒక స్వరం కిందికి, రెండూ అర మెట్టు దూరంలో ఆగి ఉన్నాయి. బి, ఎఫ్ రెండే కలిపి నొక్కండి, కరకరమంటుంది. వెంటనే సి, ఇ నొక్కండి. ఆ టెన్షన్ ఎలా సర్దుకుందో చెప్పనక్కర్లేదు.

ఇందులో ఇంకో సంగతి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఎఫ్ లేకుండా జి-బి-డి మాత్రమే వాయిస్తే అది ఏ స్కేల్‌ది? సి మేజర్‌లో ఉంది, జి మేజర్‌లో ఉంది, డి మేజర్‌లోనూ ఉంది. ఒక్క కార్డ్ విని ఇల్లు ఏదో చెప్పలేం. దానికి ఎఫ్ కలపగానే జి మేజర్, డి మేజర్ రెండూ పోతాయి, ఎందుకంటే ఆ రెండింట్లోనూ ఉండేది ఎఫ్ షార్ప్. మేజర్ స్కేళ్లన్నిటిలో ఈ నాలుగు స్వరాలూ కలిసి ఉండే చోటు సి మేజర్ ఒక్కటే. అందుకే జి సెవెన్త్ వినగానే చెవికి గమ్యం తెలిసిపోతుంది. ఇక మిగిలింది అక్కడికి చేరడమే.

మీ పట్టు జి-బి-ఎఫ్ లో ఆ రెండు ముఖ్యమైన స్వరాలూ ఉన్నాయి, డి లేదు. అదేం తప్పు కాదు, చివరి లైన్‌లో "టు" దగ్గర కుడిచేతి మెలడీలోనే డి ఉంది. ఆ పట్టు అలాగే ఉంచుకోండి.

మెలడీ ఒక్కటే ఉంటే ముగింపు తెలియదా అంటే, తెలుస్తుంది. బీథోవెన్ తొమ్మిదో సింఫనీలో (1824) చివర వచ్చే ఓడ్ టు జాయ్ ట్యూన్ మీ కీబోర్డ్ పుస్తకంలో తప్పకుండా ఉండి ఉంటుంది. సి లో వాయిస్తే మొదటి లైన్: గ గ మ ప, ప మ గ రి, స స రి గ, గ రి రి. రెండో లైన్ ముప్పాతిక వంతు అచ్చంగా అదే, చివర మాత్రం గ రి రి బదులు రి స స. అంతే తేడా. కానీ మొదటి లైన్ దగ్గర ఆపితే ఎవరో మాట మధ్యలో ఫోన్ కట్ చేసినట్టు ఉంటుంది, రెండో లైన్ దగ్గర ఆపితే పూర్తవుతుంది. మొదటిది ప్రశ్న, రెండోది జవాబు. మొదటి లైన్ చివరి రి కింద జి కార్డ్ పడుతుంది, జి మీద ఆగితే దాన్ని హాఫ్ కేడెన్స్ అంటారు. తమాషా ఏంటంటే, ఆ సింఫనీలో ఈ ట్యూన్ పూర్తిగా వినిపించే మొదటిసారి కార్డులే లేవు. చెల్లోలు, డబుల్ బేస్‌లు మాత్రమే, మెల్లగా, ఒంటరిగా వాయిస్తాయి. అయినా ఎక్కడ ప్రశ్నో ఎక్కడ జవాబో అర్థమవుతుంది. మెలడీ ఒంటరిగా ఉంటే చెవే కింద కార్డ్‌లు ఊహించుకుంటుంది. మీరు ఎడమచేత్తో ఇంకో మాట చెబితే మాత్రం, నా అనుభవంలో ఎప్పుడూ ఎడమ చెయ్యే గెలుస్తుంది.

నమ్మకం లేకపోతే హ్యాపీ బర్త్‌డే చివరి స్వరంతోనే ఆడుకోండి. అమెరికాలో మిల్డ్రెడ్ హిల్, ప్యాటీ హిల్ అనే అక్కాచెల్లెళ్లు బడిపిల్లల కోసం వేరే మాటలతో చేసి 1893లో అచ్చువేయించిన చిన్న ట్యూన్ ఇది, కానీ ప్రయోగాలకు దీన్ని మించింది లేదు. కుడిచేతిలో చివరి స ని ముట్టుకోకండి. "టు" కింద జి సెవెన్త్ అలాగే ఉండనివ్వండి. "యూ" కింద సి కార్డ్ బదులు ఎ మైనర్ పెట్టండి, ఎ-సి-ఇ. ఆ కార్డ్‌లో సి ఉంది కాబట్టి మెలడీతో ఏ గొడవా లేదు. కానీ కేక్ కోసే చెయ్యి ఆగిపోతుంది! అందరూ మీ వైపు చూస్తారు. సి వస్తుందని జి సెవెన్త్ మాట ఇచ్చింది, వచ్చింది మాత్రం దాని చుట్టం. దీన్ని డిసెప్టివ్ కేడెన్స్ అంటారు. స్వరకర్తలు దీన్ని వాడేది ఎక్కువగా ముగింపును ఇంకో అడుగు వెనక్కి జరపడానికి. ఎ మైనర్ మీద ఆగి, "హ్యాపీ బర్త్‌డే టు యూ" ఇంకోసారి పాడి, ఈసారి నిజంగా సి మీద దిగండి. ఆ రెండో ముగింపు మామూలుగా పాడినదానికంటే గట్టిగా అనిపిస్తుంది. అదే స కింద ఎఫ్ కార్డ్ కూడా పెట్టి చూడండి, అందులోనూ సి ఉంది. ఈసారి కంగారు ఉండదు, పాట ఇంకో చరణంలోకి వెళ్తున్నట్టు ఉంటుంది. ఒకే స్వరం, మూడు కార్డులు, మూడు అర్థాలు.

ఇప్పుడు మీ రెండో డౌట్. చాలా మంచి డౌట్, కొన్నేళ్లు నేర్చుకున్నవాళ్లు కూడా దీని గురించి ఆలోచించరు. నాలుగు లైన్లూ స్వరాల్లో రాస్తాను, చుక్క పెట్టినవి కింది స్థాయివి.

```
1: ప. ప. ద. ప. స  ని.
2: ప. ప. ద. ప. రి స
3: ప. ప. ప  గ  స  ని. ద.
4: మ  మ  గ  స  రి స
```

మొదటి లైన్ సి కార్డ్‌తో మొదలై ని మీద, జి కార్డ్ మీద ఆగుతుంది. ప్రశ్న. రెండో లైన్ జి సెవెన్త్ మీదే నడిచి "యూ" దగ్గర సి కి వస్తుంది. జవాబు. మీరన్నది నిజమే, రెండో లైన్ చివరా నాలుగో లైన్ చివరా రి స అనే రెండే స్వరాలు, కింద అవే రెండు కార్డులు. పేరు పెట్టాలంటే రెండూ పర్ఫెక్ట్ కేడెన్సులే. అసలు రెండో లైన్ దగ్గర కొంచెం నెమ్మదించి ఆపేస్తే అది చిన్న పాటగా నిలబడుతుంది కూడా. కేడెన్స్ ముగించేది ఒక వాక్యాన్ని. కథ అయిపోయిందా లేదా అనేది వేరే లెక్క.

కానీ రెండింటికీ బలం ఒకటి కాదు. రెండో లైన్ రి మీదికి ఎలా వెళ్లిందో చూడండి: కింది ప నుంచి ఒక్క గెంతు గెంతింది. నాలుగో లైన్ అలా కాదు. మూడో లైన్ పై ప దాకా ఎక్కి, అక్కడి నుంచి దిగుతూ, పుట్టినరోజు వాళ్ల పేరు దగ్గర ఎఫ్ కార్డ్ మీద ఆగుతుంది (అందరూ సాగదీసే చోటు అదే). ఆ ఎఫ్ నుంచే నాలుగో లైన్ మొదలై మ, గ, రి, స అని మెట్టు మెట్టుగా దిగుతుంది. మధ్యలో ఒక స వచ్చి పోతుందనుకోండి, అది "డే" మీద, బలం లేని దెబ్బ మీద, దాన్ని చెవి పట్టించుకోదు. కింద కార్డులు కూడా ఎఫ్, సి, జి సెవెన్త్, సి. రెండో లైన్‌లో జి నుంచి సి కి నేరుగా వచ్చాం. ఇక్కడ ఎఫ్ దగ్గర దూరంగా వెళ్లి, జి మీద బిగించి, ఇంటికి వచ్చాం. ఎంత దూరం వెళ్లి వస్తే ఇంటికి చేరిన తృప్తి అంత.

మీ జి-సి-ఇ కి సరైన చోటు కూడా ఈ లైన్‌లోనే ఉంది. "హ్యాపీ" కింద ఎఫ్ కార్డ్, "బర్త్‌డే" కింద జి-సి-ఇ, "టు" కింద జి-బి-ఎఫ్, "యూ" కింద చిటికెన వేలు కింది సి మీద పెట్టి సి-ఇ-జి. అంటే మీ వేళ్లు మొత్తం మార్చుకోవాల్సిన పని లేదు, ఆఖరి దెబ్బ మీద చెయ్యి ఒక్కటి కిందికి జరిగితే చాలు. బేస్ జి, జి అని రెండుసార్లు ఆగి, సి కి దూకుతుంది. ఆ దూకుడు వినబడాలి. ఎడమ చెయ్యి జరిపేటప్పుడు చూసుకోవాల్సి వస్తే చూసుకోండి, మొదట్లో అందరూ చూస్తారు.

తాళం గురించి ఒక్క మాట. ఈ పాట మూడు దెబ్బల లెక్క. "టు" మూడో దెబ్బ, "యూ" ఒకటో దెబ్బ. సి కార్డ్ సరిగ్గా ఒకటో దెబ్బ మీద పడాలి. మా క్లాసులో ఒక పిల్లాడు కార్డ్ మార్చడం ఆలస్యమై ప్రతిసారీ రెండో దెబ్బకి సి పట్టేవాడు. స్వరాలన్నీ సరైనవే అయినా వాళ్లమ్మగారు "ఎక్కడో కుంటుతోంది" అనేవారు. ఆవిడకు సంగీతం రాదు, కానీ చెప్పింది కరెక్ట్. మన కచేరీలో మృదంగం మోరా మూడుసార్లు వేసి సమం మీద కలవకపోతే మామూలు శ్రోత కూడా ఉలిక్కిపడతాడే, అలాంటిది.

జి సెవెన్త్ లేకుండా ముగియదా అని తర్వాత అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తాను. ముగుస్తుంది. చర్చిలో కీర్తన చివర నెమ్మదిగా "ఆ...మెన్" అని పాడడం వినే ఉంటారు. అది ఎఫ్ నుంచి సి. ఎఫ్ కార్డ్‌లో స ముందే ఉంది, ని లేదు, కాబట్టి లాగుడు లేదు. చాలాసార్లు కీర్తన అప్పటికే జి, సి లతో ముగిసిపోయి ఉంటుంది, ఆమెన్ దాని మీద దుప్పటి కప్పినట్టు వస్తుంది. దీని పేరు ప్లేగల్ కేడెన్స్. ఒంటరిగా పాటను ముగించే బలం దానికి కొంచెం తక్కువని నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు.

అసలు స మీద దిగకుండా ఆగే ట్యూన్ కావాలంటే మన జాతీయగీతమే ఉంది. సి లో వాయిస్తే చివరి "జయ జయ జయ జయ హే" స స రి రి గ గ రి గ మ అని పైకెక్కి మ మీద ఆగుతుంది. దాని కింద సి కార్డ్ పెట్టి చూడండి, మ, గ రెండూ రాసుకుని కరుస్తుంది. ఎఫ్ పెడితే కలుస్తుంది గానీ దిగినట్టు ఉండదు, చెయ్యి పైకెత్తి నిలబడినట్టు ఉంటుంది. చిన్నప్పటి నుంచి వేలసార్లు అక్కడే ఆపాం కాబట్టి మనకు అది ముగింపే. మనం పాడగా ఎప్పుడూ విననివాళ్లకు ఒకసారి వినిపించి, ఇంకో లైన్ ఉందా అని అడిగి చూడండి.

చివరగా పేర్ల గొడవ. మీ సార్ ట్రినిటీ గ్రేడ్లకు తయారుచేస్తుంటే బ్రిటిష్ పేర్లు వాడతారు. నేను హాఫ్ అన్నదాన్ని వాళ్లు ఇంపర్ఫెక్ట్ అంటారు, డిసెప్టివ్ అన్నదాన్ని ఇంటరప్టెడ్ అంటారు. అమెరికన్ వీడియోల్లో ఇంపర్ఫెక్ట్ అథెంటిక్ అని ఇంకోటి వినిపిస్తుంది, అది వేరు: జి నుంచి సి కే వచ్చి, మెలడీ స బదులు గ మీదో ప మీదో ఆగినా, రెండు కార్డుల్లో దేని బేస్ అయినా దాని అసలు స్వరం మీద లేకపోయినా ఆ పేరు పెడతారు. కానీ మీ జి-సి-ఇ దిగే కార్డ్ కాదు, చాటింపు వేసే కార్డ్ కాబట్టి దాన్ని మామూలుగా అందులో కూడా చేర్చరు. అందుకే మీ సార్ కుదరలేదు అన్నారు.